ఆర్‌డీ పాస్‌బుక్‌లో నిల్వను వాయిదాతో భాగిస్తే

తెనాలిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టే ఒకామె ఉందనుకోండి. నెలకు రెండు వేల చొప్పున పోస్టాఫీసులో ఆర్‌డీ కడుతోంది. 2025 ఏప్రిల్‌లో ఇంట్లో పెళ్లి ఖర్చులు వచ్చి ఆ నెల కట్టలేకపోయింది. మే 13న పోస్టాఫీసుకు వెళ్తే కౌంటరులో రెండు వేల ఇరవై అడిగారు. ‘పోనీలే, ఇరవై రూపాయలే కదా’ అని కట్టేసి వచ్చింది. మే నెల వాయిదా కట్టేశాననీ, ఏప్రిల్ ఆలస్యానికి జరిమానా కూడా తీరిపోయిందనీ ఆమె లెక్క.

పాస్‌బుక్ లెక్క అది కాదు. ఆ రోజు ఆమె కట్టింది ఏప్రిల్ వాయిదా. మే నెలది ఇంకా బాకీ ఉంది. ఈ సంగతి పాస్‌బుక్‌లో ఉంటుంది కానీ మాటల్లో రాసి ఉండదు. ‘మీరు ఒక నెల వెనకబడ్డారు’ అని ఏ గడిలోనూ ముద్రించరు. తేదీ, జమ, నిల్వ ఈ మూడింటినీ కలిపి చదువుకోవాల్సింది ఖాతాదారే.

చదవడం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. అక్కడ ఖాతా సంఖ్య, పేరు, నెలవారీ వాయిదా మొత్తం, ఖాతా తెరిచిన తేదీ ఉంటాయి. వీటిలో ఎక్కువమంది దాటేసేది తెరిచిన తేదీనే. కానీ ఆర్‌డీలో గడువు తేదీ, వడ్డీ రేటు, డబ్బు చేతికొచ్చే రోజు ఈ మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు గడువు సంగతి చూద్దాం. ఖాతా నెలలో 15వ తేదీలోపు తెరిచి ఉంటే ఆ తర్వాత ప్రతి నెలా 15లోపు కట్టాలి. 16న గానీ ఆ తర్వాత గానీ తెరిస్తే ఆ నెల చివరి పనిదినం దాకా సమయం ఉంటుంది. తెనాలి ఖాతా తెరిచింది 2023 నవంబరు 9న. కాబట్టి ఆమెకు గడువు ప్రతి నెలా 15. తొమ్మిదో తేదీనే కట్టాలన్న నియమం లేదు. మూడున కట్టినా, పద్నాలుగున కట్టినా ఒకటే. అదే ఇరవయ్యో తేదీన కడితే మాత్రం, అదే నెలలో కట్టినా, గడువు తప్పినట్టే. నెల మారలేదు కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

రెండో రకం ఖాతాలవాళ్లు ‘చివరి పనిదినం’ అన్న మాటను పట్టించుకోవాలి. నెలాఖరు ఆదివారం పడితే చివరి పనిదినం అంతకు ముందే వచ్చేస్తుంది. మొదటి రకం వాళ్లకు క్యాలెండరులో రెండు నెలలు ఇబ్బంది పెడతాయి. ఆగస్టు 15 ఏటా సెలవు. సంక్రాంతి జనవరి 14న గానీ 15న గానీ వస్తుంది. ఆ రెండు నెలల్లో పన్నెండో తేదీకల్లా కట్టేసుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇక లోపలి పేజీలు. ఒక్కో వరుసలో డబ్బు జమైన తేదీ, లావాదేవీ వివరం, జమ, నిల్వ కనిపిస్తాయి. పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసుల్లో వరుసను చేత్తో రాసి, తేదీ ముద్ర వేసి, సంతకం పెడతారు. పెద్ద పోస్టాఫీసుల్లో యంత్రం ముద్రిస్తుంది. ఎలా రాసినా జమైన తేదీని చూసి ‘ఇది ఫలానా నెల వాయిదా’ అనుకోవడమే అసలు పొరపాటు. మే 13 అని ఉన్నంత మాత్రాన అది మే వాయిదా కాదు. నిబంధన ప్రకారం బాకీ ఉన్న నెలను జరిమానాతో సహా ముందు తీర్చాకే ఈ నెలది కట్టాలి. వచ్చిన డబ్బు ముందు పాత బాకీకే పోతుంది.

ఏ వాయిదా దాకా తీరిందో తెలుసుకోవడానికి నమ్మకమైన దారి ఒకటుంది. చివరి వరుసలోని నిల్వను నెల వాయిదాతో భాగించాలి. పోస్టాఫీసు ఆర్‌డీలో వడ్డీ గడువు తీరాకే చెల్లిస్తారు కనుక, మధ్యలో కనిపించే నిల్వ మామూలుగా కట్టిన వాయిదాల మొత్తమే. మే 13 వరుస దగ్గర తెనాలి ఖాతాలో నిల్వ ముప్పై ఆరు వేలు. దాన్ని రెండు వేలతో భాగిస్తే 18. అంటే పద్దెనిమిది వాయిదాలు పూర్తయ్యాయి. ఇప్పుడు తెరిచిన నెల నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాలి. 2023లో నవంబరు, డిసెంబరు రెండు. 2024 మొత్తం పన్నెండు. అవి పద్నాలుగు. 2025 జనవరి పదిహేను, ఫిబ్రవరి పదహారు, మార్చి పదిహేడు, ఏప్రిల్ పద్దెనిమిది. ఖాతా ఏప్రిల్ దగ్గర ఆగిపోయింది. క్యాలెండరు మేలో ఉంది. తేడా ఒక నెల.

ఆమె కట్టిన ఇరవై రూపాయలు ఆ నిల్వలో లేవు. ఉండవు కూడా. అది డిఫాల్ట్ ఫీజు. వాయిదాలో ప్రతి వంద రూపాయలకూ, తప్పిన ప్రతి నెలకూ ఒక రూపాయి చొప్పున పోస్టాఫీసు వసూలు చేస్తుంది. రెండు వేల వాయిదాకు నెలకు ఇరవై. ఆ సొమ్ము ఖాతాదారు పొదుపులో చేరదు, దాని మీద వడ్డీ రాదు. అందుకే రెండు వేల ఇరవై ఇచ్చినా నిల్వ పెరిగేది రెండు వేలే. నిల్వను వాయిదాతో భాగించినప్పుడు శేషం మిగలకుండా సరిపోవడానికీ ఇదే కారణం. సరిపోకపోతే ఎక్కడో నమోదు తప్పిందని అర్థం. ఆ పాస్‌బుక్ పట్టుకుని వెంటనే కౌంటరు దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు అసలు నష్టం ఎక్కడుందో చూద్దాం. మే 15 దాటిపోయింది. మే వాయిదా కట్టేశానన్న నమ్మకంతో ఆమె జూన్‌లో మళ్లీ ఒక వాయిదాకు సరిపడా డబ్బే తీసుకెళ్లిందనుకోండి. కౌంటరులో మళ్లీ ఇరవై అడుగుతారు. ఎందుకంటే ఈసారి తీరేది మే బాకీ. జూన్‌ది జూలైకి జారుతుంది, జూలైది ఆగస్టుకు జారుతుంది. తప్పింది ఒక్క నెలే అయినా ప్రతి నెలా ఇరవై చొప్పున ఏడాదికి 240 రూపాయలు పోతాయి. దాన్ని ఎక్కడో ఒకచోట తెంచకపోతే ఆ వసూలు ఖాతా ముగిసేదాకా సాగుతుంది. ‘పోస్టాఫీసులో ప్రతి నెలా ఏదో ఫైను వేస్తున్నారు’ అని వాపోయేవాళ్లు ముందు తమ పాస్‌బుక్‌లో ఈ లెక్క వేసి చూసుకోవాలి.

తెంచడానికి ఒకసారి రెండు వాయిదాలు కట్టాలి, అంతే. జూన్ 12న ఆమె మే వాయిదాకు రెండు వేలు, దాని జరిమానా ఇరవై, జూన్ వాయిదాకు రెండు వేలు, మొత్తం 4,020 రూపాయలు కడితే నిల్వ నలభై వేలవుతుంది. రెండు వేలతో భాగిస్తే ఇరవై. నవంబరు 2023 నుంచి జూన్ 2025 దాకా లెక్కపెట్టినా సరిగ్గా ఇరవై నెలలే. ఖాతా మళ్లీ క్యాలెండరుతో కలిసింది. ఈ పని మే 13నే చేసి ఉంటే మే జరిమానా కూడా తప్పేది. ఆ రోజు కౌంటరులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘అయ్యా, ఇది ఏ నెల దాకా తీరినట్టు?’ పోస్టాఫీసు కంప్యూటరులో ఆ ఖాతా ఏ నెల దాకా చెల్లించిందో, తర్వాతి గడువు ఎప్పుడో కనబడుతుంది. అడిగితే చెబుతారు.

వందకు నెలకు రూపాయి అంటే చిన్న మొత్తంలాగే వినిపిస్తుంది. కానీ ఖాతా ఇచ్చే వడ్డీతో పోల్చి చూడాలి. 6.7 శాతం వడ్డీ మీద రెండు వేలకు ఒక నెలకు వచ్చేది దాదాపు పదకొండు రూపాయలు. ఒక నెల ఆలస్యానికి పోయేది ఇరవై. అలాగని జరిమానా కట్టాక గడువు తీరినప్పుడు వచ్చే మొత్తంలో కోత పడదు. అరవై వాయిదాలూ, వాటి మీది జరిమానాలూ పూర్తిగా తీరితే చివర్లో వచ్చేది ఒక్క నెలా తప్పని ఖాతాకు వచ్చినంతే. ‘ఒక నెల తప్పింది, ఇక వడ్డీ పోయినట్టే’ అని భయపడి ఖాతా వదిలేసేవాళ్లు ఉంటారు. ఆ భయానికి ఆధారం లేదు.

భయపడాల్సింది వరుసగా నాలుగు నెలలు తప్పినప్పుడు. నాలుగు వాయిదాలు బాకీపడితే ఖాతాను నిలిచిపోయిన ఖాతాగా లెక్కిస్తారు. నాలుగో తప్పిదం నుంచి రెండు నెలల్లోపు బాకీలన్నీ కట్టి దాన్ని తిరిగి నడిపించుకోవచ్చు. ఆ రెండు నెలలూ దాటితే ఇక ఆ ఖాతాలో డబ్బు వేయనివ్వరు. నాలుగుకు మించకుండా తప్పినవాళ్లకు నిబంధనల్లో ఇంకో వెసులుబాటు ఉంది. ఎన్ని నెలలు తప్పాయో అన్ని నెలలు గడువును పొడిగించుకుని, ఆ పొడిగించిన కాలంలో మిగిలిన వాయిదాలు కట్టుకోవచ్చు. అయితే అది ఖాతాదారు కోరుకుంటేనే జరుగుతుంది.

చాలా ఊళ్లలో ఆర్‌డీ కట్టేది కౌంటరులో కాదు, ఇంటికొచ్చే మహిళా ఏజెంటు ద్వారా. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద నియమితులైన ఈ ఏజెంట్లు ఇంటింటా డబ్బు వసూలు చేసి, ఖాతాలన్నిటికీ ఒక జాబితా వేసి పోస్టాఫీసులో కడతారు. వాళ్లకు కమీషన్ ప్రభుత్వం ఇస్తుంది, ఖాతాదారు ఇవ్వాల్సిన పని లేదు. డబ్బు తీసుకున్నప్పుడు ఏజెంటు ఒక కార్డు మీద సంతకం చేస్తారు. దాన్ని ఆస్లాస్ కార్డు అంటారు. ఆ సంతకం చెప్పేది ఏజెంటు చేతికి డబ్బు ముట్టిందని. ఖాతాలో పడిందని చెప్పేది పాస్‌బుక్ వరుస మాత్రమే. ఈ రెండు తేదీల మధ్య తేడా రావచ్చు. కార్డు మీద పదో తేదీ అని ఉండి, పాస్‌బుక్‌లో 17 అని ఉంటే 15 గడువున్న ఖాతాకు జరిమానా పడుతుంది. ఆ జరిమానా ఎవరు భరించాలన్న మాట ఆ నెలలోనే తేల్చుకోవాలి. ఏడాది తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

అందుకని పాస్‌బుక్ ఏజెంటు దగ్గర ఉండిపోకూడదు. నమోదు కోసం ఇచ్చినా తిరిగి తెచ్చుకుని కార్డునూ పాస్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. కార్డులో సంతకాలు ఇరవై ఉంటే, నిల్వను వాయిదాతో భాగించినా ఇరవై రావాలి. పంతొమ్మిదే వస్తే ఒక నెల డబ్బు ఎక్కడో ఆగింది. ఏజెంట్లలో ఎక్కువమంది నిజాయితీగానే పనిచేస్తారు. ఈ తనిఖీ వాళ్లకూ మంచిదే. ఎండలో తిరిగి నలభై ఇళ్లలో వసూలు చేసే మనిషికి జాబితాలో ఒక పేరు జారిపోవడం పెద్ద వింత కాదు. అది ఏ నెలకు ఆ నెల బయటపడితే సర్దుబాటు సులువు.

ఫోనులో ఐపీపీబీ యాప్ ద్వారా కట్టేవాళ్లకు ఈ ఏజెంటు గొడవ లేదు. బాకీ ఉంటే జరిమానా ఎంతో అక్కడే చూపిస్తుంది. కానీ ఆ జమలు పాస్‌బుక్‌లో వాటంతట అవే పడవు. అప్పుడప్పుడు పోస్టాఫీసుకు వెళ్లి ముద్రించుకోవాలి. అలా ముద్రించని పాస్‌బుక్‌ను భాగించి చూస్తే లేని బాకీ ఉన్నట్టు కనబడుతుంది.

మిగిలింది చివరికి ఎంత వస్తుందన్న ప్రశ్న. ఇక్కడ మళ్లీ మొదటి పేజీలోని తెరిచిన తేదీకి రావాలి. ఆర్‌డీ వడ్డీ రేటును కేంద్రం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. అయితే ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటే ఆ ఐదేళ్లకూ వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా తెరిచిన ఖాతాలకు 5.8 శాతం. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో 6.2, జూలైలో 6.5 అయి, అక్టోబరు 1 నుంచి 6.7కు చేరింది. కాబట్టి తెనాలి ఖాతాకు 6.7. ఒకే వీధిలో ఇద్దరు నెలకు వెయ్యి చొప్పున కట్టినా, 2022లో తెరిచినామెకు ఐదేళ్లకు రూ. 69,697, 2023 నవంబరులో తెరిచినామెకు రూ. 71,366 వస్తాయి. అందులో మోసమేమీ లేదు. తెరిచిన తేదీలు వేరు, రేట్లు వేరు.

6.7 శాతం ఖాతాకు నెలకు వంద రూపాయల చొప్పున అరవై నెలలు కడితే రూ. 7,136.58 వస్తుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. వాయిదాలో ఎన్ని వందలుంటే అన్నింతలు చేసుకోవచ్చు. రెండు వేలలో ఇరవై వందలున్నాయి కనుక ఇరవైతో గుణిస్తే రూ. 1,42,731.60. రూపాయల్లోకి సవరిస్తే 1,42,732. ఆమె కట్టింది లక్షా ఇరవై వేలు. వడ్డీ రూ. 22,732.

ఇక్కడ చాలామంది కంగుతింటారు. లక్షా ఇరవై వేలకు 6.7 శాతం చొప్పున ఐదేళ్లకు నలభై వేలు రావాలి కదా, ఇదేమిటి సగమే వస్తోంది అని అడుగుతారు. కానీ లక్షా ఇరవై వేలు ఐదేళ్ల పాటు ఖాతాలో లేవు. 2023 నవంబరులో వేసిన మొదటి రెండు వేలు మాత్రమే పూర్తిగా ఐదేళ్లు ఉంటాయి. వాటి మీద వచ్చే వడ్డీ రూ. 788. చివరి వాయిదా ఖాతాలో ఉండేది ఒక్క నెల. దానికి వచ్చేది పదకొండు రూపాయలు. మధ్యలోని వాయిదాలు ఈ రెండింటి నడుమ మెట్లు మెట్లుగా ఉంటాయి. సగటున ఒక్కో వాయిదా ఖాతాలో ఉండేది రెండున్నరేళ్ల పైచిలుకు. సాధారణ వడ్డీ లెక్కన చూస్తే అన్నిటికీ కలిపి రూ. 20,435 అవుతుంది. మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపే పద్ధతి వల్ల ఇంకో రెండు వేల మూడు వందల దాకా చేరి 22,732 అయింది. ఆర్‌డీ వడ్డీని ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో పోల్చి చూసేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

గడువు తేదీ విషయంలోనూ ఒక చిన్న తిరకాసు ఉంది. తెనాలి ఖాతాలో అరవయ్యో వాయిదా పడేది 2028 అక్టోబరులో. అది కట్టిన రోజే డబ్బు రాదు. ఖాతా తెరిచిన తేదీ నుంచి ఐదేళ్లు నిండాలి. అంటే 2028 నవంబరు 9. ఆ ఒక్క నెల ఓపిక పట్టలేక ముందే మూసేస్తే పెద్ద నష్టం. మూడేళ్లు నిండాక ఖాతాను మధ్యలో మూసుకునే వీలుంది. కానీ గడువుకు ఒక్క రోజు ముందు మూసినా ఆర్‌డీ వడ్డీ రాదు, పోస్టాఫీసు పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారు. అది 4 శాతం. చివరి నెలలో మూసేస్తే ఆమె వేల రూపాయలు వదులుకున్నట్టే. అవసరం గట్టిదైతే మూసేయడం కన్నా అప్పు తీసుకోవడం నయం. ఏడాది గడిచి, పన్నెండు వాయిదాలు కట్టి ఉంటే నిల్వలో సగం దాకా ఇస్తారు. ఆ అప్పు మీద ఆర్‌డీ రేటుకు రెండు శాతం కలిపి వడ్డీ వేస్తారు.

నవంబరు 9న పోస్టాఫీసుకు వెళ్లే ముందు ఆమె పాస్‌బుక్ పూర్తిగా ముద్రించుకోవాలి. నిల్వ లక్షా ఇరవై వేలు ఉందా, రెండు వేలతో భాగిస్తే అరవై వస్తోందా చూసుకోవాలి. ఖాతా మూసే ఫారంతో పాటు పాస్‌బుక్ ఇస్తే డబ్బు పొదుపు ఖాతాలో వేస్తారు. ఇంత మొత్తం నగదుగా ఇవ్వరు కనుక ఆ ఖాతా ముందే ఉంటే మంచిది. జమైన మొత్తం 1,42,732 కన్నా తక్కువగా ఉంటే రెండు ప్రశ్నలు అడగాలి: వాయిదాలు ఎన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఏ రేటు వేశారు. తేడా ఎక్కడున్నా ఆ రెండింటిలో ఒకదాని దగ్గర దొరుకుతుంది. వాటిలో మొదటి దానికి జవాబు ఆమె చేతిలోని పాస్‌బుక్ వరుసల్లో, రెండో దానికి జవాబు దాని మొదటి పేజీలోని తేదీలో ఉంటుంది.